డైరీల బిల్లు, పది శాతం బేరం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ప్రింట్ చేయించిన డైరీలన్నీ స్కూల్లో దిగాక, పిల్లల చేతికి కూడా వెళ్ళాక, అక్కడి అకౌంట్స్ ఆయన ఫోన్ చేసి "పైవాళ్ళు పది శాతం తగ్గించమంటున్నారండీ, చూసుకోండి" అన్నాడన్నమాట. రేటు తగ్గించకుండా, వాళ్ళతో మంచితనం పోకుండా ఏం చెప్పాలని అడిగావు. కోపం వచ్చే ఉంటుంది. కోపంలో ఏమీ అనకుండా "కాగితాలు చూసి రాత్రికి చెప్తాను సార్" అని పెట్టేయడం మంచిదైంది. ఫోన్లో అప్పటికప్పుడు జవాబిస్తే అవునంటాం లేదా అరుస్తాం. రెండింటికీ తర్వాత బాధపడాల్సిందే.

ముందు నువ్వు రాసిన అంకెలే చూద్దాం. 2,000 డైరీలు, ఒక్కోటి 64 రూపాయలు, జీఎస్టీ పక్కన పెడితే 1,28,000. అందులో సగం అడ్వాన్సుగా ముందే వచ్చింది. కాగితం, ప్లేట్లు, ప్రింటింగు, ల్యామినేషన్, బైండింగు, ఆటో అన్నీ కలిపి నీకు 1,10,000 పడింది. మిగిలేది 18,000. వాళ్ళడిగే పది శాతం అంటే 12,800. అంటే అడిగింది బిల్లులో పదో వంతే కానీ, పోయేది నీ లాభంలో మూడింట రెండు వంతులకు పైనే. మూడు నెలల పనికి చేతిలో 5,200 మిగులుతాయి. ఈ లెక్క నీ తల్లో ఉండాలి, వాళ్ళకి మాత్రం చెప్పకు. ఖర్చులు విప్పి చూపించావంటే "బైండింగుకి అంత ఎందుకండీ, మా వీధిలో ఇంతకే చేస్తారు" అని ఒక్కో వరసా పట్టుకుని బేరం మొదలెడతారు. రేటు ఒప్పుకున్నప్పుడు ఆ వరసలేవీ బల్ల మీద లేవు, ఇప్పుడెందుకు రావాలి?

ఇంకో సంగతి. "గిట్టదండీ, మాకేం మిగలదు" అనే మాట కూడా వద్దు. అది బతిమాలడం. బతిమాలితే సగం తగ్గించి సరిపెడదామని చూస్తారు.

అసలు వాళ్ళు ఎందుకు అడుగుతున్నారో తెలుసుకోకుండా ఏ జవాబూ సరిపడదు. ఒకే ఒక్క ప్రశ్న అడుగు: "సరుకులో ఏమైనా తేడా వచ్చిందా సార్?" అడిగి ఊరుకో. మధ్యలో నువ్వే మాట అందించకు. "తేడా ఏం లేదండీ, ఏదో చూసుకుంటారని" అంటే అది అలవాటు బేరం. "ఇప్పుడు టీచర్ల జీతాలున్నాయి" అంటే డబ్బు అందక అడుగుతున్నారు, దానికి రేటు తగ్గించడం మందు కాదు. రెండు తేదీలు రాయించుకుని రెండు విడతలుగా తీసుకో, రూపాయి వదలకు. "పేపర్ పలచగా ఉంది", "అట్ట రంగు తేడాగా ఉంది" అంటే మాత్రం బేరం మాట పక్కన పెట్టి ముందు అది నిజమో కాదో తేల్చు.

పేపర్ సంగతి తేల్చడం చాలా తేలిక. ఒప్పుకున్నది 70 జీఎస్‌ఎం మ్యాప్‌లితో కదా, అంటే చదరపు మీటరు కాగితం 70 గ్రాములు తూగాలి. ఒక డైరీలోంచి పది ఆకులు తీసి, ఒక్కో ఆకులో పది సెంటీమీటర్ల చదరం కచ్చితంగా కత్తిరించు. పది ముక్కలూ కలిపితే చదరపు మీటరులో పదో వంతు, అంటే 7 గ్రాములు రావాలి. మీ వీధిలో బంగారం కొట్టు త్రాసు మీద తూచమను. 6.8, 7.1 లాంటివి మామూలే, మిల్లు కాగితంలో ఆ మాత్రం తేడా ఉంటుంది. 6 గ్రాములు చూపిస్తే 60 జీఎస్‌ఎం వచ్చినట్టు. అప్పుడు మోసపోయింది వాళ్ళొక్కరే కాదు, నువ్వూ మోసపోయావు, పేపర్ డీలర్ దగ్గరికి వెళ్ళాలి. ఈ తూకం అకౌంట్స్ ఆయన ముందే చేస్తే ఇంకా బావుంటుంది. త్రాసు మీద అంకె కనిపించాక ఎవరూ గొంతు పెంచరు.

రంగు గొడవ ఎక్కువగా ల్యామినేషన్ వల్లే వస్తుంది. మ్యాట్ ఫిల్మ్ వేస్తే ముదురు రంగులు కాస్త మసకబారతాయి. ల్యామినేషన్ లేని ప్రూఫ్ మీద సంతకం పెట్టించుకుని ఉంటే, వాళ్ళ కంటికి స్కూల్ లోగో నీలం మారినట్టే కనబడుతుంది. అందులో వాళ్ళ తప్పు లేదు. వచ్చేసారి ప్రూఫ్ మీద కూడా ఒక ముక్క ఫిల్మ్ వేయించి చూపించు.

నిజంగా లోపాలు దొరికితే శాతాల్లో మాట్లాడకు, కాపీల్లో మాట్లాడు. మడిచిన షీట్లు, అదే ఫారాలు, తారుమారైనవి, పేజీలు ఎగిరిపోయినవి 14 డైరీలు తేలాయనుకో, ఆ 14 వెనక్కి తీసుకుని 14 మంచివి ఇవ్వు. ఇవ్వలేకపోతే 14 ఇంటూ 64, 896 రూపాయలు తగ్గించు. ఆ 14 కోసం మిగతా 1,986 డైరీల రేటు కదలకూడదు. స్కూళ్ళు జూన్ 12న తెరుస్తారు కదా, అది దాటి సరుకిచ్చి ఉంటే అది వేరే కథ, అప్పుడు వాళ్ళు అడగకముందే నువ్వే ఏదో ఒకటి ఇవ్వాలి. నువ్వు 7వ తేదీకే దింపేశావు కాబట్టి ఆ బాధ లేదు.

ఇప్పుడు మంచితనం పోకుండా ఎలా అన్నావు. నీ గోడౌన్లోనే ఉంది జవాబు. 160 పేజీల డెమ్మీ ఎనిమిదో సైజు డైరీ అంటే ఒక్కోదానికి పది ఫారాలు, 2,000 కాపీలకు 20,000 షీట్లు, 40 రీములు. చెడిపోయేవి చూసుకుని నువ్వు 42 రీములు తెప్పించావు. అంతా అయ్యాక నికరంగా 45 కాపీలు మిగిలాయని రాశావు. లోపాలకు బదులివ్వడానికి 15 ఉంచుకో, మిగతా 30 ఆ స్కూలుకే. జూన్ చివర్లో, జులైలో కొత్త అడ్మిషన్లు వస్తూనే ఉంటాయి, ఆ పిల్లలకి డైరీ కావాలి. 30 కాపీలు కొత్తగా వేయించాలంటే ప్లేట్లు, మెషీన్ సెట్టింగు అన్నీ మళ్ళీ మొదటి నుంచి, 64కి ఎవడూ వేయడు. నీ దగ్గర ఉంచుకుంటే చివరికి పాత కాగితాల వాడికి కిలోల లెక్కన పోతాయి. నీకు ఖర్చు లేదు, వాళ్ళకి అక్కర ఉంది, ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు.

ఒక్క జాగ్రత్త. "తగ్గించలేను గానీ దానికి బదులు ఇవి తీసుకోండి" అనకు. అలా అంటే రేటు ఎక్కువని నువ్వే ఒప్పుకున్నట్టు, "సరే 30 కాపీలూ ఇవ్వండి, ఐదు శాతమూ తగ్గించండి" అంటారు. ముందు రేటు మాట ముగించి, తర్వాత విడిగా కాపీల మాట ఎత్తు. వాట్సాప్‌లో ఇలా పెట్టు:

"నమస్తే సార్. మీరడిగినది చూశాను. 2,000 డైరీలు, 70 జీఎస్‌ఎం కాగితం, మ్యాట్ ల్యామినేషన్ అట్ట, ఒక్కోటి 64 రూపాయలు అని మార్చిలో కొటేషన్ మీద అనుకున్నాం. అదే సరుకు జూన్ 7న అందింది. కాబట్టి రేటు అదే సార్. బ్యాలెన్స్ 64,000, దాని మీద జీఎస్టీ శనివారంలోగా వేయగలరు. మరో మాట, కొత్త అడ్మిషన్ల పిల్లలకి పనికొస్తాయని 30 డైరీలు మీకోసం తీసి ఉంచాను. వాటికి బిల్లు లేదు. సోమవారం పంపనా?"

ఇందులో "క్షమించండి" లేదు, "దయచేసి అర్థం చేసుకోండి" లేదు, గమనించు. దీంతోపాటు ఒక కాగితం కూడా పంపు. ఎడమవైపు కొటేషన్లో ఏముందో, కుడివైపు ఏం అందిందో, కింద డెలివరీ చలానా నంబరు, తీసుకున్నవాళ్ళ సంతకం తేదీ. అది అకౌంట్స్ ఆయన కోసం. తగ్గించమన్నది ఆయన కాదు, కరెస్పాండెంట్. ఈయన ఖాళీ చేతులతో పైకి వెళ్ళి "ఒప్పుకోలేదండీ" అంటే మాట పడతాడు. చేతిలో కాగితం, 30 డైరీల కబురు ఉంటే "అడిగాను సార్, ఇదీ పరిస్థితి, ఇవి మాత్రం తెచ్చాను" అని చెప్పుకోగలడు. వచ్చే ఏడాది నీకు ఫోన్ చేసేది ఆయనే, ఆయన మొహం నిలబెట్టడం నీ పని.

"వచ్చేసారి చూసుకుందాం లెండి" అని ఊరికే మాటివ్వకు. అది వచ్చే మార్చిలో ముందే కోసేసిన డిస్కౌంట్ అవుతుంది. ఇస్తే కారణంతో కట్టి ఇవ్వు: లోపలి పేజీలు మారకపోతే డీటీపీ ఖర్చు లేదు కాబట్టి అంత తగ్గుతుంది, ఆర్డరు ఫిబ్రవరిలోపు అడ్వాన్సుతో రావాలి, అని.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చెప్తాను. కొందరు బేరం మానేసి, చెప్పాపెట్టకుండా 12,800 తగ్గించి డబ్బు వేసేసి, "ఫుల్ అండ్ ఫైనల్ రసీదు పంపండి" అంటారు. పంపకు. మన 1872 కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం తక్కువ సొమ్మును మొత్తం బాకీ కింద ఒప్పుకుని తీసుకుంటే బాకీ అక్కడితో తీరిపోయినట్టే. డబ్బు ఉంచుకో, రసీదు ఇవ్వు, కానీ దాని మీద వచ్చినదెంతో రాసి, "పార్ట్ పేమెంట్, రావలసిన బ్యాలెన్స్ 12,800" అని కూడా రాయి. పంపేది అదే రోజు పంపు, వారం ఊరుకుంటే ఒప్పుకున్నావనుకుంటారు. పాత బిల్లు చించి తక్కువకి కొత్త బిల్లు రాయమని అడిగినా చేయకు. ఏదైనా తగ్గించాల్సి వస్తే క్రెడిట్ నోట్ రాయాలి, అదీ మీ ఆడిటర్‌తో మాట్లాడాకే.

నీకు చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది కదా, ఆ నంబరు బిల్లు అడుగున వేయడం మొదలెట్టు. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, రాసుకున్న గడువు ఎంతైనా 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఇది వాళ్ళకి చదివి వినిపించకు, చదివిన రోజే స్నేహం పోతుంది. నంబరు చూసి వాళ్ళ ఆడిటరే చెప్తాడు.

జూన్ 7 చలానా ఫోటో తీసి నాకు పంపు. సంతకం పెట్టింది వాచ్‌మన్ అయితే, 2,000 అని అంకె వేయకుండా "సరుకు ముట్టింది" అని మాత్రమే ఉంటే, ఆ వాట్సాప్ పంపేముందు వేరేగా ఒక చిన్న పని చేయాలి, అది ఫోన్లో చెప్తాను.

ఉంటాను మరి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.