ఉద్యోగం మానేయమని చెప్పే ముందు మే నెల లెక్క అడగండి

సంపాదకుడు గారికి,

రెండు వారాల క్రితం ఆదివారం సంచికలో మీరు వేసిన కథనం చదివాను. సంగీతం, చిత్రలేఖనం, రచన వంటి వాటి మీద ఇష్టం ఉన్న యువత ఉద్యోగాలు వదిలి మనసుకు నచ్చిన దారిలో నడవాలనీ, డబ్బు దానంతట అదే వస్తుందనీ రాశారు. ఆ రోజే రాయాలనుకున్నాను. నవరాత్రుల హడావిడిలో కుదరలేదు. ఈలోగా నా శిష్యుడొకడు ఆ పేజీ కత్తిరించి జేబులో పెట్టుకుని వచ్చి, "మాస్టారూ, రిజైన్ చేసేద్దామనుకుంటున్నానండి" అన్నాడు. ఇక రాయక తప్పలేదు.

నేను అమలాపురంలో వయొలిన్ చెబుతాను, కచేరీలకు పక్కవాద్యం వాయిస్తాను. పద్నాలుగేళ్ల క్రితం గుమస్తా ఉద్యోగం మానేసి దీని మీదే బతుకుతున్నాను. ఆ అబ్బాయి చెరువులకు మేత అమ్మే కంపెనీలో పని చేస్తాడు. నెలకు 27,000 చేతికొస్తాయి, పీఎఫ్ వేరే. తండ్రి కౌలు రైతు, తల్లికి ప్రతి నెలా మందులు. ఇల్లు గడవడానికి 18,000 కావాలి. వాడి చెయ్యి మంచిది, శ్రుతిజ్ఞానం గట్టిది, అందులో నాకు సందేహం లేదు. అందుకే నా లెక్కల పుస్తకం తీసి వాడి ముందు పెట్టాను. మీ కథనంలో లేనిది ఆ పుస్తకమే కాబట్టి మీకూ చెబుతున్నాను.

నా హాజరు పట్టీలో 24 మంది పిల్లలున్నారు. నెలకు 800 చొప్పున అందరూ పన్నెండు నెలలూ కడితే 2,30,400 రావాలి. పోయిన ఏడాది వచ్చింది 1,41,600. మార్చిలో పరీక్షలంటారు, మేలో అమ్మమ్మగారి ఊరంటారు, పదో తరగతిలోకి వచ్చాక అసలు రారు. తల్లిదండ్రులను తప్పు పట్టను. తొలి పాఠాలు దాటి వర్ణం మొదలుపెట్టిన పిల్లను ఐఐటీ ఫౌండేషన్ అని లాక్కుపోతుంటే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. కచేరీలు 34 చేశాను. అందులో 11 ఉచితం. త్యాగరాజ ఆరాధన అంటే డబ్బు అడగను, అడగకూడదు కూడా. మిగతా ఎనిమిదో తొమ్మిదో మాత్రం తెలిసినవాళ్లు శాలువా కప్పి పంపినవి. డబ్బిచ్చిన 23 కచేరీలకు, రేడియో రికార్డింగులతో కలిపి, 71,500 వచ్చాయి. మొత్తం 2,13,100. బస్సులు, ఆటోలు, దారిలో భోజనాలకు 27,000. తీగలు, కమాను వెంట్రుకలు మార్పించడం, పికప్ మైకు మరమ్మతుకు 11,600. పాఠాలు చెప్పే గది అద్దె ఏడాదికి 24,000. అన్నీ పోను మిగిలింది 1,50,500, అంటే నెలకు పన్నెండున్నర వేలు. పద్నాలుగేళ్ల అనుభవం, రేడియో గ్రేడు ఉన్నవాడి సంపాదన ఇది. మా ఆవిడ టీచరు జీతం లేకపోతే ఇల్లు నడిచేది కాదు.

ఇందులో కూడా సగటు మోసం చేస్తుంది. దసరా నెలలో నాకు కచేరీల మీదే 19,000 వచ్చాయి. ఆ నెల చూసినవాడు ఎవడైనా ఉద్యోగం మానేస్తాడు. మే నెలలో ఆరుగురు పిల్లలు, ఒక్క కచేరీ. 4,800కి 2,500 కలిపితే 7,300. బియ్యం కొట్టువాడు సగటు చూసి అప్పు పెట్టడు కదా. మొన్న వేసవి చివర్లో కుడి భుజం పట్టేసి ఆరు వారాలు కమాను పట్టలేకపోయాను. జీతం ఉన్నవాడికైతే అది మెడికల్ లీవు. నాకు ఆ ఆరు వారాలూ పైసా రాలేదు.

డబ్బు తక్కువైనా విద్య పెరుగుతుంది కదా అని మీ విలేకరి అనవచ్చు. నాకు పెరగలేదు. ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది, అయినా ఆ కుర్రాడి కోసం చెప్పాలి. గుమస్తాగా ఉన్న రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆరున్నర దాకా సాధన చేసేవాణ్ణి. నెలకో కొత్త కీర్తన పాఠం అయ్యేది. ఇప్పుడు సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా పిల్లలకు సరళీ స్వరాలు, జంట స్వరాలు వంటి తొలి పాఠాలే. కచేరీలూ సాయంత్రం ఆరున్నరకే. ఒకటి ఒప్పుకుంటే రెండోది పోతుంది. 34 కచేరీలంటే 34 సాయంత్రాలు పాఠాలు ఎగ్గొట్టినట్టే. ఆ కారణంగానే నిరుడు ఆరుగురు పిల్లలు మానేశారు. విజయవాడలో కచేరీ తొమ్మిదిన్నరకు అయితే రావులపాలెంలో బస్సు దిగేసరికి అర్ధరాత్రి దాటి ఒకటిన్నర. అక్కణ్ణించి అమలాపురానికి తెల్లారేదాకా ఏమీ దొరకదు. ఇంటికొచ్చి పడుకుంటే నాలుగింటి సాధన ఎక్కడిది? గడిచిన ఐదేళ్లలో నేను కొత్తగా నేర్చుకున్న కీర్తనలు మూడు.

బయటివాళ్లకు తెలియని మరో సంగతి. పక్కవాద్యం వాయించేవాడు తన తీగలను పాడేవారి శ్రుతికి కట్టుకోవాలి. మగవారు కింది శ్రుతిలో, ఒకటికో ఒకటిన్నరకో పాడతారు, ఆడవారు పై శ్రుతిలో, ఐదుకో ఐదున్నరకో. ఒకే వయొలిన్‌ను రోజు మార్చి రోజు కిందకీ పైకీ లాగితే తీగలు తెగుతాయి, నాదం చెడుతుంది. అందుకని రెండు వాద్యాలు ఉంచుకోవాలి, రెంటి మీదా చెయ్యి అలవాటులో ఉండాలి. పొద్దున ఒకదాని మీద, సాయంత్రం ఒకదాని మీద సాధన చేసే తీరిక ఉద్యోగం ఉన్నప్పుడు నాకుండేది. రెండేళ్ల క్రితం ఒక గాయని ముఖారి రాగం ఆలాపన చేస్తే నా వంతు వాయించాను. ఇంటికొచ్చి ఫోన్‌లో ఆ రికార్డు విని, అంతకు ముందటేడు మరొకరికి వాయించిన ముఖారి కూడా విన్నాను. అవే నాలుగు సంచారాలు, అదే ముగింపు. చప్పట్లు రెండుసార్లూ కొట్టారు. విద్య ఆగిపోయిందని వినేవాళ్లు చెప్పరు, మన రికార్డు మనమే విని తెలుసుకోవాలి.

మీ కథనంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి పేరు వాడుకున్నారు. ఆయన మా కోనసీమ శంకరగుప్తంలో పుట్టారు, మాకంతకంటే గర్వం ఏముంది? కానీ ఆయన ఆకాశవాణిలో పనిచేశారనీ, విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారనీ మీ విలేకరి ఎందుకు రాయలేదు? పిఠాపురం ప్రాంతం నుంచి వచ్చి 1991లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న నేదునూరి కృష్ణమూర్తి గారు ప్రభుత్వ సంగీత కళాశాలల్లో అధ్యాపకులుగా, ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆయన గురువు శ్రీపాద పినాకపాణి గారు డాక్టరు, వైద్య కళాశాలలో ప్రొఫెసరు. ఇటు భీమవరంలో అడివి బాపిరాజు గారు బొమ్మలూ వేశారు, నవలలూ రాశారు, ప్లీడరీ కూడా చేశారు. వీళ్లలో ఎవరి విద్యకు తక్కువైంది?

వీళ్లలో చాలామందిని నిలబెట్టింది కళలోనే జీతం ఇచ్చే కొలువు. రేడియోలో నిలయ విద్వాంసులు, సంగీత కళాశాలల్లో అధ్యాపకులు. నెల తిరిగేసరికి జీతం, పొద్దున్నే సాధన, చుట్టూ తోటి విద్వాంసులు. ఇవాళ నా శిష్యుణ్ణి ఎవరు ఆ కొలువులో పెట్టుకుంటారు? మా దగ్గర్లోని ఒక సంగీత పాఠశాలలో వయొలిన్ మాస్టారు రిటైరయ్యి ఏళ్లు గడిచాయి. ఆ గదిలో గాత్రం టీచరే రెండు క్లాసులూ చూసుకుంటున్నారు. ఆమెదీ గంటల లెక్కన ఇచ్చే గౌరవ వేతనమే. ఇష్టమా, జీతమా తేల్చుకోమని పిల్లలను అడుగుతున్నారు. రెండూ కలిసి ఉండే చోటును మూసేసినవాళ్లను ఒక్క మాట అడగరేం?

అధికారుల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ రాస్తున్నాను. 2015 గోదావరి పుష్కరాల పన్నెండు రోజుల్లో ఒక రోజు రాజమండ్రి ఘాట్ దగ్గర వేదిక మీద వాయించాను. డబ్బు చేతికి రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. బ్యాంకు పాసుపుస్తకం నకలు మూడుసార్లు, కార్యక్రమం జరిగినట్టు ఫొటో రెండుసార్లు ఇచ్చాను. రాజమండ్రికి నాలుగుసార్లు తిరిగాను, వచ్చిన దాంట్లో మూడో వంతు బస్సు చార్జీలకే పోయింది. టెంట్లు వేసినవాళ్లకు, మైకు పెట్టినవాళ్లకు అడ్వాన్సు ఇచ్చారు. వాయించినవాడికి మాత్రం ఫైలు నడపాలి.

నా శిష్యుడికి ఏం చెప్పానో కూడా రాస్తాను. ఇప్పుడే మానొద్దన్నాను. సంగీతం మీద వచ్చే ప్రతి రూపాయినీ వేరే బ్యాంకు ఖాతాలో వేసి, రెండేళ్లు దాన్ని ముట్టుకోవద్దన్నాను. పోయిన ఏడాది వాడికి 9 కచేరీలు వస్తే డబ్బు ఇచ్చినవి నాలుగే, మొత్తం 9,500. ఇల్లు గడవడానికి ఏడాదికి 2,16,000 కావాలి. మానేయాలంటే మొదటిది, ముందు అంత నిల్వ చేరాలి. రెండోది, వరసగా రెండు మే నెలల్లో సంగీతం మీద కనీసం 9,000, అంటే ఇంటి ఖర్చులో సగం, రావాలి. దసరా నెల లెక్కలోకి తీసుకోకూడదు. మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. నా పేరు, వాడి మేనమామ పేరు తెలియని సభలవాళ్లు వాడికి ఫోన్ చేసి, ఒకసారి పిలిచాక మళ్లీ రెండోసారి పిలవాలి. తెలిసినవాళ్లు మొహమాటానికి ఒకసారి పిలుస్తారు. రెండోసారి పిలిచేది వాయిద్యం విని. ఈ మూడూ జరిగిన రోజున వాడి రాజీనామా కాగితం నేనే దగ్గరుండి రాయిస్తాను.

వాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మీరు మానేశారు కదండీ" అన్నాడు. నిజమే, నేను లెక్క వేసుకోకుండా మానేశాను. అందుకే చెబుతున్నానన్నాను. ప్రస్తుతం వాడు తెల్లవారుజామున నాలుగున్నరకు మా ఇంటికి వస్తున్నాడు. ఇద్దరం ఆరున్నర దాకా కూర్చుంటున్నాం. తర్వాత వాడు చెరువుల మీదకు వెళతాడు. ఈ నెల మేం ఇద్దరం కలిసి ముఖారిలో ఒక కీర్తన పాఠం చేస్తున్నాం. నాకూ అది కొత్తదే.

మిమ్మల్ని రెండు అడుగుతున్నాను. ఇకమీదట కళాకారుడి విజయగాథ వేసినప్పుడు, ఆయన ఒప్పుకుంటే, మే నెలలో ఎంత వచ్చిందో, ఇంట్లో ఇంకెవరికి జీతం ఉందో పక్కన ఒక డబ్బా కట్టి వేయండి. రెండోది, 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. వేదికల మీద వాయించేవారికి కార్యక్రమం అయిన వారంలోగా డబ్బు చెల్లిస్తామని అధికారుల చేత ఇప్పుడే చెప్పించి, వాళ్లన్న తేదీతో సహా మీ పత్రికలో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక వయొలిన్ ఉపాధ్యాయుడు,
అమలాపురం