కాలనీ సంక్షేమ సంఘం: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. బోరు మోటారు బాగైంది, పార్కులో దీపాలు వెలుగుతున్నాయి. మురుగు కాలువ కోసం ఇచ్చిన నాలుగు అర్జీలు ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో తెలియదు. ఇక చెప్పుకోదగ్గది నవంబరు 14న మన బడిలో జరిపిన చిత్రలేఖనం పోటీ.

అంతకు ముందు ఏడాది ఫలితాలు చెప్పగానే "మా అమ్మాయికి ఎందుకు రాలేదు?" అని అడిగిన తల్లికి మేము సమాధానం చెప్పలేకపోయాం. అందుకే ఈసారి లెక్క ముందే నల్లబల్ల మీద రాశాం. సొంత ఆలోచనకు 40, కాగితం మీద బొమ్మల అమరికకు 30, రంగులు, గీతలకు 20, శుభ్రతకు 10. న్యాయనిర్ణేతలు ఒక్కో అంశానికి పదికి మార్కులు వేస్తే, వాటిని వరుసగా 4, 3, 2, 1తో హెచ్చించి కలిపాం. చిత్రాల వెనుక పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి.

అంశం "మా వీధిలో వాన". 17వ చిత్రంలో రెండు కొండల నడుమ సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు, పైన నాలుగు చినుకులు. ముచ్చటగా ఉంది కానీ మన వీధి కాదు. మార్కులు 4, 7, 9, 10. 32వ చిత్రంలో మోకాలి లోతు నీళ్లలో స్కూటరు తోసుకెళ్తున్న తండ్రి, ఆయన నెత్తిన పుస్తకాల సంచి. కాగితమంతా రంగు మరకలు. మార్కులు 9, 7, 6, 4. ఊరికే కూడితే 30, 26, మొదటిదే గెలిచేది. మన లెక్కలో 65, 73.

అంకెలు రాసినంత మాత్రాన సరిపోదని కూడా తెలిసింది. పాత బొమ్మలతో సాధన చేయించినప్పుడు, ఒకే చిత్రం సొంత ఆలోచనకు ఒకరు 3, మరొకరు 8 వేశారు. అప్పుడు కూర్చుని, వేరే బొమ్మను చూసి గీసినదైతే 3 దాటకూడదని, తన కంట పడినది గీస్తే 7 పైన వేయాలని రాసుకున్నాం.

మూడో న్యాయనిర్ణేత 46 చిత్రాల్లో 20 చూసి, పని ఉందని వెళ్లిపోయారు. ఆయన చెయ్యి పెద్దది. మిగతా ఇద్దరి కన్నా సగటున 12 మార్కులు ఎక్కువ వేశారు. ముగ్గురి సగటు తీస్తే, ఆయన చూసిన పిల్లలకు దాదాపు 4 మార్కులు ఊరికే కలిసేవి. ఆయన మార్కులన్నీ పక్కన పెట్టి, అన్ని చిత్రాలూ చూసిన ఇద్దరివే తీసుకున్నాం. వచ్చినందుకు ఆయనకు కూడా ధన్యవాదాలు.

గది ఇచ్చిన ప్రధానోపాధ్యాయినికి, కాగితాలు, రంగులు ఇచ్చిన సభ్యులకు, రాత్రి తొమ్మిదింటి దాకా కూడికలు సరిచూసిన ఇద్దరు డిగ్రీ విద్యార్థులకు కృతజ్ఞతలు. పేర్లు ఇచ్చిన పన్నెండు మంది కార్యకర్తల్లో వచ్చింది నలుగురే. మిగతా ఎనిమిది మంది బహుమతుల ఫొటోలో మాత్రం ఉన్నారు.

జమాఖర్చుల పట్టిక దీనికి జత చేశాం; కోశాధికారి సమావేశంలో చదువుతారు. మార్కుల కాగితాలు సంఘం గదిలోనే ఉన్నాయి, చిత్రం అంకె చెప్పి ఎవరైనా చూసుకోవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి