కట్టిన వాయిదాకు చివరి హెచ్చరిక

సంపాదకుడు గారికి నమస్కారం.

మా బావమరిది కావలిలో ఆటో నడుపుతాడు. బండి వాయిదా 3,850 రూపాయలు, ప్రతి నెలా 5న కట్టాలి. పోయిన నెల చేతిలో డబ్బు ఆడక ఆలస్యమైంది. 8న ఫైనాన్స్ సంస్థ నుంచి ‘మరిచిపోయారేమో, దయచేసి కట్టండి’ అని మెసేజ్ వచ్చింది. 15న ‘ఆలస్య రుసుము పడుతుంది’ అని ఇంకొకటి. ఇంతవరకు తప్పు పట్టను, బాకీ అడగడం వాళ్ల పని. 21న సాయంత్రం ఆరున్నరకు రుసుముతో సహా వాళ్ల ఏజెంటుకు కట్టి రసీదు తీసుకున్నాడు. 22న ఉదయం తొమ్మిదింటికి ‘చివరి హెచ్చరిక, బండి స్వాధీనం చేసుకుంటాం’ అని మెసేజ్! సాయంత్రం ఆరింటికి అదే మాట రికార్డు గొంతుతో ఫోన్. ఎత్తింది మా అత్తగారు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

డబ్బు కట్టగానే ఈ మెసేజ్‌లు వాటంతటవే ఆగిపోతాయని సంస్థవాళ్లు అంటారు. నిజానికి ఆగేది కట్టినప్పుడు కాదు, కట్టినట్టు లెక్కలో ఎక్కినప్పుడు. ఖాతా కాగితం తీయిస్తే జమ 22న ఉదయం 11.20కి పడింది. ఏజెంటు రసీదులను మర్నాడు ఆఫీసుకెళ్లి ఎక్కిస్తాడట. ఉదయం మెసేజ్‌కు కారణం అదే అనుకుందాం. మరి సాయంత్రం ఫోన్‌కు? అప్పటికి జమ పడి ఆరు గంటలు దాటింది. బాకీదారుల జాబితా రాత్రే ఒకసారి తీసి, మర్నాడంతా దాన్నే వాడుతున్నారని నా అనుమానం. మీకూ ఇలా జరిగితే రసీదు, జమ, మెసేజ్ ఈ మూడింటి సమయాలు పక్కపక్కన పెట్టి చూడండి. మెసేజ్ జమకు ముందు వస్తే నమోదులో జాప్యం, తర్వాత వస్తే పాత జాబితా.

నేను రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తాను. చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాక కూడా బాకీ తీర్చని రైతులకు మేమూ ఇలాగే మూడు విడతల్లో మెసేజ్‌లు పంపుతాం. అయితే ప్రతి మెసేజ్ బయల్దేరే ముందు ఖాతా మళ్లీ చూసేలా పెట్టించాం. గుమాస్తా డబ్బు తీసుకున్నచోటే ఫోన్‌లో నమోదు చేస్తాడు. చెక్కు ఇస్తే అది మారేదాకా మెసేజ్‌లు ఆపుతాం, వెనక్కొస్తే ఆగినచోటి నుంచే మళ్లీ మొదలవుతాయి. ఇందుకు పెద్ద ఖర్చేం కాలేదు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక బాకీదారులకు ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది. మా అత్తగారికి వచ్చిన ఫోన్ అనుమతించిన వేళల్లోనే వచ్చింది, కాబట్టి ఆ నియమం ఆమెకు పనికిరాలేదు. ‘ఫలానా తేదీ, ఫలానా గంట వరకు ఉన్న లెక్క ప్రకారం’ అని ప్రతి మెసేజ్‌లో రాయాలని కూడా నియమం పెట్టాలి. స్వాధీనం మాట ఉన్న మెసేజ్‌నైతే, ఆఫీసులో ఒక మనిషి ఖాతా చూశాకే వదలాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా