బుజ్జమ్మకు, గోడల రంగు గురించి

చిరంజీవి బుజ్జమ్మకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది, నీకు చెప్పొద్దంది కాబట్టి చెప్పడం లేదు.

నిన్న వాసు వచ్చి నీ క్లినిక్ వెయిటింగ్ రూమ్ ఫోటో చూపించాడు. దాంతోపాటు ఒక మాట కూడా మోసుకొచ్చాడు. నువ్వు క్లినిక్ ఎత్తేసి మళ్ళీ పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి వెళ్తున్నావని శారద ఎవరితోనో అందట. శారద చెప్పి, వాసు మోసిన మాటలో ఎంత నిజముంటుందో నాకు తెలుసు కదా, అందుకే పట్టించుకోలేదు. నువ్వు ఫోను ఎత్తడం లేదు, అది వేరే సంగతి. పేషెంట్లతో తీరిక లేక అయ్యుంటుంది. నేను రాస్తున్నది ఆ ఫోటో గురించి మాత్రమే.

పన్ను చూపించుకోవడానికి వచ్చినవాళ్ళు లోపల కూర్చోకుండా బయట వరండాలో నిలబడుతున్నారని, పేరు పిలిచాకే లోపలికి వస్తున్నారని వాసు అన్నాడు. ఫోటో చూస్తే నాకు ఆశ్చర్యం వేయలేదు. నాలుగు గోడలకీ తళతళలాడే తెల్ల ఎనామిల్, పైన నీలం కొట్టే తెల్ల వెలుగిచ్చే 6500 కెల్విన్ ట్యూబులు. ట్యూబులైటు గీత గోడలో అద్దంలో కనిపించినట్టు కనిపిస్తోంది. అసలే డ్రిల్లు చప్పుడుకి బిగుసుకుపోయి కూర్చున్న మనిషి కళ్ళు ఎటు తిప్పినా వెలుగు పొడుస్తుంటే ఎలా కూర్చుంటాడు? తెలుపైతే శుభ్రంగా ఉంటుందని నీకెవరో చెప్పి ఉంటారు. తెల్లగోడ వెలుగు బాధ ఇవాళ్టిది కాదు. 1914లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్, ఆపరేషన్ గదిలో తెలుపు కళ్ళకి కొడుతోందని పాలకూర ఆకు రంగు వేయించాడు. ఆపరేషన్ గదుల్లోకి ఆకుపచ్చ అలా వచ్చింది.

అలాగని నువ్వు ఇప్పుడు నీలం వేయిస్తానన్నావట. నీలం చూస్తే మనసు కుదుటపడుతుందని ఎవరో డిజైనర్ అన్నాడట. ఏ రంగూ మందు బిళ్ళ కాదమ్మా. 1979లో సియాటెల్‌లో నౌకాదళం వాళ్ళ జైలు గదికి ఒక రకం గులాబీ రంగు వేసి, ఖైదీల కోపం తగ్గిపోయిందని చాలా ప్రచారం చేశారు. తర్వాత పకడ్బందీగా పరీక్షించిన వాళ్ళకి ఆ ఫలితం కనిపించలేదు. నీలమా, ఆకుపచ్చా, గులాబీయా అన్నది రెండో మాట. ముందు చూడాల్సింది ఆ రంగు ఎంత గాఢంగా ఉంది, ఎంత వెలుగు వెనక్కి కొడుతోంది, ఎంత మెరుస్తోంది అన్నది. చిక్కటి నీలం వేస్తే ఆ గది గుహలా తయారవుతుంది. అంతకంటే నీ తెలుపే నయం.

గాఢత అంటే ఏమిటో చెప్పాలంటే నాకు మేం రంగు వేసిన ఆ పిల్లల డాక్టరు గది గుర్తొస్తుంది. నువ్వు అప్పుడు ఆరో తరగతో ఏడో తరగతో. ఆయన పిల్లలకి హుషారుగా ఉండాలని షేడ్ కార్డులో మంచి పసుపు ఏరాడు. కార్డు మీద ముక్క అగ్గిపెట్టె అంత ఉంటుంది, ఎంత ముద్దుగా ఉందో. సార్, నాలుగు గోడలకీ ఎక్కితే ఇది ఇంతే ఉండదు, రెండు మెట్లు పలచన షేడ్ తీసుకోండి అన్నాను. మీ పని మీరు చూడండి అన్నాడు. సరే, వేశాం. గోడలు ఎదురెదురుగా ఉంటే ఒకదాని రంగు ఇంకోదాని మీద పడి రెండూ చిక్కబడతాయి, అది ఆయనకి తెలియదు. వారం తిరగలేదు, కబురు పెట్టాడు. వెళ్ళేసరికి ఒక తల్లి పసిబిడ్డను చూపించి పచ్చకామెర్లేమో అని ఏడుస్తోంది. డాక్టరు బిడ్డను వరండాలోకి తీసుకెళ్ళి పగటి వెలుగులో చూసి, ఏమీ లేదమ్మా, గోడ రంగు అని చెప్తున్నాడు. ఆ రోజుకి అది మూడో కేసట. నేను జేబులోంచి తెల్ల కాగితం తీసి గోడకి జానెడు దూరంలో పట్టుకున్నాను. కాగితం పసుపు పూసినట్టు కనిపించింది. గుమ్మం బయట పట్టుకుంటే తెల్లగా ఉంది. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మూలల్లోనూ తనే పట్టి చూసుకున్నాడు. ఆ తర్వాత షేడ్ నన్నే ఎంచమన్నాడు. మీ అమ్మ ఈ కథ వెయ్యిసార్లు విన్నానంటుంది, అయినా నీకు పనికొస్తుంది. ఏ రంగు వేసినా కాగితం పట్టి చూడు. కాగితం రంగు మారిందంటే ఆ రంగు మనుషుల ముఖాల మీద కూడా పడుతుంది. ముఖ్యంగా పసుపు కలిసిన ఆకుపచ్చ జోలికి పోకు, అద్దంలో చూసుకున్న ప్రతివాడూ రోగిలా కనిపిస్తాడు.

ఇక నీ గది. వాసు లెక్క ప్రకారం 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు, పడమర వైపు గాజు తలుపు. నన్నడిగితే బూడిద కలిసిన పలచని ఆకుపచ్చ వేయిస్తాను. ఎండిన తులసాకుని పాలల్లో కలిపినట్టుంటుంది. షేడ్ కార్డు వెనకో, కంపెనీ కాగితాల్లోనో ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది, ఆ రంగు ఎంత వెలుగును వెనక్కి పంపుతుందో చెప్పేది. మంచి తెలుపుకి 85 పైన ఉంటుంది. నీ గోడకి 60కీ 70కీ మధ్య చూసుకో. కళ్ళకి పొడవదు, చీకటిగానూ ఉండదు. సాయంత్రం ఎండ గాజు తలుపులోంచి ఎర్రగా పడుతుంది కాబట్టి గులాబీ ఛాయ ఉన్న బిస్కెట్ రంగులు వద్దు, ఆ వేళకి నారింజ అయిపోతాయి.

శుభ్రంగా కనిపించడం గురించి నీకు ఒక్క సంగతి తెలియాలి. తెలుపుకి మరీ దగ్గరగా ఉన్న క్రీము రంగు వేసి, పక్కన తలుపు చట్రాలు అచ్చ తెలుపు వేస్తే, గోడ క్రీములా కనిపించదు, మాసిన తెలుపులా కనిపిస్తుంది. ఇది కావాలనే ఏరిన రంగు అని చూడగానే తెలియాలి. అందుకే గోడకీ చట్రానికీ తేడా స్పష్టంగా ఉంచి, సీలింగూ చట్రాలూ తెల్లగా వదిలేసి, రెండూ కలిసేచోట గీత సూటిగా రావాలి. టేపు అంటించి వేయమను, రంగు పూర్తిగా ఆరకముందే టేపు తీసేయమను. వంకర గీత ఉంటే ఎంత తుడిచినా ఆ గది మురికిగానే అనిపిస్తుంది.

కుర్చీల వెనక గోడ సంగతి ఎవరూ ఆలోచించరు. అందరూ కుర్చీ వీపు తగిలే మూడడుగుల దగ్గర పట్టీ వేస్తారు. కానీ జిడ్డు మచ్చ పడేది దానిపైన, కూర్చున్నవాళ్ళు తల వెనక్కి ఆనించేచోట, సుమారు నాలుగడుగుల ఎత్తులో. కాబట్టి కుర్చీలున్న ఆ పొడవు గోడకి మాత్రం నాలుగున్నర అడుగుల దాకా అదే రంగులో ముదురు షేడ్ వేయించు. నాలుగు గోడలకీ సగం సగం వేస్తే పాత ఆసుపత్రి వరండా గుర్తొస్తుంది, వద్దు. మొత్తం గోడలకి రెండు కోట్లకి ఆరు లీటర్లు, పట్టీకి ఇంకో లీటరు సరిపోతాయి. ఎనామిల్ మీద నేరుగా ఎమల్షన్ వేస్తే పొరలుగా ఊడొస్తుంది. ముందు ఇసుక కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, పట్టు ఉండే ప్రైమర్ వేయాలి. పని తొందరగా తెమలాలని మేస్త్రి ఇది ఎగ్గొట్టబోతాడు, దగ్గరుండి చూడు.

ఫినిష్ విషయంలో అచ్చ మ్యాట్ వద్దు, తుడిచినచోట మచ్చ తేలుతుంది. తళతళ మెరిసే గ్లాసీ అసలే వద్దు, లప్పం పెట్టిన ప్రతి మిట్టా పల్లం కనిపిస్తాయి. మధ్యలో, కడగగలిగే తక్కువ మెరుపుది తీసుకో. వేసిన రెండు మూడు వారాల దాకా గట్టిగా తుడవకూడదు, రంగు పైకి ఆరినా లోపల గట్టిపడటానికి టైము పడుతుంది. ఆ తర్వాత కూడా స్పిరిట్ గుడ్డతో రుద్దొద్దు. నీకు చేతిలో అదే ఉంటుంది, నాకు తెలుసు, కానీ స్పిరిట్‌కి ఎమల్షన్ మెత్తబడుతుంది. గోరువెచ్చని సబ్బు నీళ్ళు చాలు.

డబ్బా కొనేముందు రెండడుగుల చదరం అట్టముక్కకి రెండు కోట్లు వేసి, గోడకి ఆనించి పొద్దున, సాయంత్రం, లైట్లు వేశాక చూడు. నేరుగా పాత గోడ మీద వేసి చూస్తే చుట్టూ ఉన్న తెలుపు వల్ల అది ఉన్నదానికంటే ముదురుగా కనిపించి మోసం చేస్తుంది. అంతకంటే ముందు ఆ ట్యూబులు మార్చు. అంత తెల్లగా పొడవని 4000 కెల్విన్‌వి పెట్టి, పైన పాలరంగు మూత ఉన్నవి తీసుకో. మరీ పసుపు లైటు పెడితే తెల్ల చట్రాలు మాసినట్టు కనిపిస్తాయి. నిజం చెప్పాలంటే లైట్లు మార్చి చూస్తే సగం పని అక్కడే అయిపోవచ్చు. తొందరపడి గోడలూ లైట్లూ ఒకేసారి మార్చకు, దేనివల్ల బాగైందో తెలియదు. నువ్వు పేషెంట్లను చూసే గదికి మాత్రం ఈ ఆకుపచ్చ వద్దు. పంటి షేడ్ సరిపోల్చేచోట లేత బూడిద తప్ప ఏదీ పెట్టకూడదని నువ్వే నాకు చెప్పావు.

పని శనివారం సాయంత్రం మొదలుపెట్టించు. వాసన తక్కువ ఉండే రంగు తీసుకుని, ఆదివారమంతా తలుపులు తీసి ఉంచు. నువ్వు ఆ వాసనలో కూర్చోకు, నీకు చిన్నప్పుడే ఆయాసం. టైముకి తింటున్నావా? వాసు నువ్వు చిక్కావన్నాడు, వాడి కళ్ళు వాడివి.

మూసేయాలనే అనుకుంటే అది నీ ఇష్టం, నేనేమీ అనను. పెద్దాసుపత్రిలో జీతం బాగుంటుంది, రాత్రి డ్యూటీలుంటాయి, నీకు నిద్ర చాలదు, అది కూడా నేనేమీ అనడం లేదు. కాకపోతే పేషెంట్లు వరండాలో నిలబడటానికి కారణం నువ్వు కాకపోవచ్చు, ఆ గోడలు కావచ్చు. అది తేలకుండా నిర్ణయం తీసుకోకు. మొదట లైట్లు మార్చి, పదిమందిలో ఎంతమంది లోపల కూర్చుంటున్నారో రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయిని గుర్తు పెట్టమను. శారద మాట నిజమైతే మాత్రం నాకు ముందు నువ్వే చెప్పు.

రంగు కలిపాక డబ్బా మీద షేడ్ నంబరు, బ్యాచ్ నంబరు ఫోటో తీసి ఉంచు. మిగిలిన రంగు మూత బిగించి, తలకిందులుగా పెట్టి దాచు. రేపు ఎక్కడైనా గీత పడితే ఆ చోట ఒక్కటే పూస్తే అతుకు తెలుస్తుంది, మూల నుంచి మూల దాకా ఆ గోడంతా వేయాలి. మేస్త్రికి అర్థం కాకపోతే నాకు ఫోను చేయమను. నువ్వు చేసినా సరే.

ఇట్లు,
నాన్న