శనివారం మన ఊరి సినిమా, నా రెండు నిమిషాల ముందుమాట

అందరికీ నమస్కారం 🙏
శనివారం సాయంత్రం 6:30కి ఎంవీపీ కాలనీ కమ్యూనిటీ హాల్లో షో. ముందు నేను చెప్పబోయేది ఇదీ:

“ఇది మన పెళ్లి వీడియోల్లోంచి కూర్చిన సినిమా. కెమెరా పెళ్లికూతురి మీదున్నా, వెనకాల పాత చెరువు గట్టు, పెంకుటిళ్లు పడ్డాయి. మాకు కావలసింది ఆ వెనకాలే. పెద్దత్తయ్య గారి క్యాసెట్‌లో రీలు అంచున తెల్లటి బూజు కనిపించింది. మన విశాఖ తేమ సంగతి తెలిసిందేగా! అలాగే వీసీఆర్‌లో పెడితే బూజు హెడ్‌కి అంటి, తర్వాతి క్యాసెట్లూ పాడవుతాయి. అందుకే బాగా ఆరనిచ్చి, పొడిగా తుడిచాకే కాపీ చేశాం. అయినా ఒకచోట గీతలు మిగిలాయి. కోసెయ్యలేదు, అక్కడ తాతయ్య నవ్వుతున్నారు. క్యాసెట్లు ఇచ్చినవాళ్లకీ, ముఖాలు గుర్తుపట్టి పేర్లు చెప్పిన పెద్దలకీ దండాలు.”

క్యాసెట్లు ఇచ్చినవాళ్లు తెర మీద మీ పేరు ఎలా పడాలో ఇంటిపేరుతో సహా గురువారంలోగా పంపండి. మీ బిట్టు వద్దనుకుంటే అదీ ఇప్పుడే చెప్పండి, షో మధ్యలో కాదు 😄

బొమ్మకి రెండు పక్కలా నలుపు ఉంటుంది. సాగదీయమని అడక్కండి, అందరం లావైపోతాం.

ఒరిజినల్ క్యాసెట్లు ఆ రోజే తిరిగిస్తాం. సంచి మర్చిపోవద్దు.