ఉద్దానం పేపర్ చివరి పేజీ గురించి

కవిటి

బుజ్జమ్మా,

నీ టర్మ్ పేపర్ మొత్తం చదివాను. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదని సూటిగా రాశావు, అది నాకు బాగా నచ్చింది. చివరి పేజీలోని ఎనిమిది సిఫార్సుల దగ్గరే ఆగిపోయాను. "శుద్ధజలం ఇవ్వాలి" అన్నావు. హిరమండలం రిజర్వాయర్ నుంచి నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబరులోనే ప్రారంభమైంది కదా. ఇప్పుడు ఆ మాట రాయాలంటే ఏ ఊళ్లో ఏ వీధికి నీళ్లు అందట్లేదో చెప్పాలి. "అందరికీ కిడ్నీ పరీక్షలు చేయాలి" అన్నావు. దాన్ని ఎవరూ కాదనరు, కానీ అది చదివి ఏ అధికారీ రేపు పొద్దున్న ఏం చేయాలో తేల్చుకోలేడు.

ఎనిమిదీ వద్దు. పరీక్షల సంగతి ఒక్కటే తీసుకో. ఇన్నేళ్లుగా ఏఎన్‌ఎంగా ఈ ఊళ్లలో తిరుగుతున్నాను కాబట్టి దీని మీద నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఏ పరీక్ష అన్నది తేల్చు. మూత్రంలో ప్రొటీన్ చూసే స్ట్రిప్ చవక, అక్కడికక్కడే రంగు చూసి చెప్పేయొచ్చు. అందుకే అందరికీ అదే తోస్తుంది. కానీ మన దగ్గరి జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు. స్ట్రిప్ బాగానే ఉందంటుంది, లోపల కిడ్నీ పాడవుతూనే ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్ చూస్తేనే బయటపడుతుంది. దానికి రక్తం తీయాలి, ల్యాబ్‌కి చేర్చాలి. అదీ ఒక్కసారితో అయిపోదు. ఎండలో పని చేసి నీళ్లు తాగని మనిషికి క్రియాటినిన్ కొన్నాళ్లు పెరిగి మళ్లీ తగ్గొచ్చు. కనీసం మూడు నెలల తర్వాత మళ్లీ చూసి, అప్పటికీ ఎక్కువగానే ఉంటే అప్పుడే దీర్ఘకాలిక జబ్బు అంటారు. రెండో పరీక్ష ఖర్చు లెక్కలో లేకపోతే నీ బడ్జెట్ మొదటి రోజే తప్పుతుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఇవి నేను అనుకున్న అంకెలు. నీ పేపర్‌లో కూడా "అంచనా" అనే రాయి, ఆ తర్వాత ల్యాబ్‌లో అడిగి అసలు ధర పెట్టు. మూడు వేల జనాభా ఉన్న ఊళ్లో ముప్పై నుంచి అరవై ఏళ్ల లోపు వాళ్లు 1,200 మంది అనుకో. ఒక్క పరీక్షకు అన్నీ కలిపి వంద రూపాయలు పడితే 1,20,000. వాళ్లలో నూటికి పదిహేను మందికి, అంటే 180 మందికి, మళ్లీ చేయాలి, అది 18,000. మొత్తం 1,38,000. రెండోసారి అవసరమయ్యేవాళ్లు నూటికి ముప్పై అయినా 1,56,000 దాటదు. అంటే డబ్బు మరీ పెద్ద అడ్డంకి కాదు.

అడ్డంకి ఎక్కడుందో చూడు. జనం జీడితోటలకు, కూలికి వెళ్లకముందే రక్తం తీయాలి. ఒక ల్యాబ్ టెక్నీషియన్ ఒక పొద్దున్న నలభై మందికి తీయగలడనుకుంటే, మొదటి విడతకే ముప్పై పొద్దులు కావాలి. వారానికి రెండు పొద్దులైతే పదిహేను వారాలు. ఒక్కటే ఇస్తే ఏడు నెలలు. ఆ పొద్దుల్లో పీహెచ్‌సీలో జ్వరం వాళ్లకీ గర్భిణులకీ పరీక్షలు ఎవరు చేస్తారు? ఆ నష్టం కూడా నీ పేపర్‌లో కనిపించాలి. దాన్ని దాచిపెట్టి రాస్తే, ఆ పీహెచ్‌సీ డాక్టరు మొదటి పేరాలోనే పట్టేసుకుంటారు.

ఇంకోటి. జబ్బు బయటపడిన మనిషికి మనం ఏం ఇవ్వగలం? బీపీ అదుపు, నొప్పి బిళ్లలు మాన్పించడం, నీళ్లు తాగించడం, క్రమం తప్పకుండా మళ్లీ చూడటం. ఇవి జబ్బు ముదరడాన్ని కొంత వెనక్కి నెట్టొచ్చు, నయం చేయవు. బీపీ మందులు నెలనెలా అందే ఏర్పాటు లేకుండా పేర్లు మాత్రం బయటపెడితే మిగిలేది భయమే. ఆ ఇంట్లో పిల్లకు సంబంధం చూడబోతే అవతలివాళ్లు వెనక్కి తగ్గుతారు. అందుకే ఫలితం మనిషికి విడిగా చెప్పాలని, జాబితా పంచాయతీ ఆఫీసులో పెట్టకూడదని సిఫార్సులోనే రాయి.

ముప్పై లోపు వాళ్లను వదిలేయడం వల్ల కొందరు తప్పిపోతారు. ఆ మాట ఒప్పుకుంటూ, ఎందుకు వదిలామో రాయి.

నేనైతే ఇలా రాస్తాను: "జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి ఒక పీహెచ్‌సీ పరిధిలో ఒక ఊరిని తీసుకుని, 30–60 ఏళ్ల వారికి క్రియాటినిన్ పరీక్ష, ఎక్కువ వచ్చినవారికి మూడు నెలల తర్వాత మరోసారి చేయించాలి. అంచనా ఖర్చు 1,38,000. అదనంగా వారానికి రెండు పొద్దులు పనిచేసే టెక్నీషియన్ కావాలి. రెండో పరీక్షకు సగం మంది కూడా రాకపోతే, పక్క ఊరికి వెళ్లకముందే పద్ధతి మార్చాలి."

టెక్నీషియన్ జీతం ఆ లెక్కలో లేదు, నువ్వు కనుక్కుని కలుపు. ఆదివారం ఫోన్ చేసేటప్పుడు ల్యాబ్ ధర దగ్గర పెట్టుకో, ఇద్దరం కలిసి మళ్లీ వేద్దాం.

మీ అమ్మ