మా పాప స్కూలు ఫీజు సర్క్యులర్ మీరూ ఒకసారి చదవండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మేడ్చల్ వైపు ఒక ప్రైవేటు స్కూల్లో మా పాప ఈ ఏడాది ఆరో తరగతికి వెళ్తోంది. ఫీజుల మీద మా తల్లిదండ్రులం కొందరం కలిసి కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ పెట్టాం. అది డీఈఓ ఆఫీసుకు, అక్కడి నుంచి ఎంఈఓకు, ఆయన దగ్గర నుంచి నేరుగా స్కూలుకే వెళ్లింది. ప్రిన్సిపాల్ మేడమ్ మమ్మల్ని పిలిపించి, మా సంతకాలున్న కాగితం మాకే చూపించి, 'మీకేమైనా ఇబ్బంది ఉంటే మాతో చెప్పాలి కదా' అన్నారు. ఆ వారంలోనే 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఎవరి సమస్య పరిష్కారమైందో ఇప్పటికీ అర్థం కాలేదు. అందుకే ఈసారి అర్జీ వద్దనుకుని ఇలా రాస్తున్నాను.

కొత్త సర్క్యులర్ వచ్చింది. 'పెరిగిన నిర్వహణ ఖర్చుల దృష్ట్యా ట్యూషన్ ఫీజును 8 శాతం లోపే సవరించాం' అని మొదటి పేరాలోనే పెద్ద మనసుతో రాశారు. అబద్ధమేమీ కాదు. పోయినేడు టర్మ్‌కు 26 వేల చొప్పున మూడు టర్మ్‌లకు 78 వేలు. ఇప్పుడు టర్మ్‌కు 28 వేలు, మొత్తం 84 వేలు. కింద పట్టికలోకి దిగితే అసలు సంగతి బయటపడుతుంది. డెవలప్‌మెంట్ చార్జీలు పోయినేడు 9 వేలు, ఇప్పుడు 18 వేలు. రిఫండబుల్ డిపాజిట్ 15 వేల నుంచి 25 వేలకు పెంచారు, పాత పిల్లలు తేడా 10 వేలు కట్టాలట. అన్నీ కలిపితే పోయినేడు 87 వేలు కట్టినవాణ్ని ఇప్పుడు 1 లక్షా 12 వేలు కట్టాలి. దాదాపు 29 శాతం ఎక్కువ. ఇందులో బస్సు లేదు, పుస్తకాలు లేవు. మీ ఆఫీసులో ఎవరైనా 'ఎంత పెంచారు' అని అడిగితే స్కూలువాళ్లు చూపించేది ఆ మొదటి పేరానే. పెంపంతా ఉన్నది మిగతా రెండు వరుసల్లో.

డెవలప్‌మెంట్ చార్జీల సంగతి చూడండి. 1994 జీఓ 1 గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. వసూలైన ఫీజులో యాజమాన్యానికి 5 శాతం, నిర్వహణకు 15, అభివృద్ధికి 15, జీతాలకు 50, సిబ్బంది పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి వాటికి 15 శాతం అని అందులోనే పంచిపెట్టారు. అంటే మేము కట్టే 84 వేల ట్యూషన్ ఫీజులోనే స్కూలు అభివృద్ధికి 12,600 ఉంది. దాని పైన మళ్లీ 18 వేలు దేనికి? ఒకే గోడకు రెండుసార్లు సున్నం డబ్బులు అడిగినట్టుంది. పైగా ఆ గోడ ఏదో కూడా చెప్పరు. కొత్త ల్యాబా, మైదానమా, కంప్యూటర్లా, ఒక్క మాట లేదు. అకౌంట్స్ కౌంటర్‌లో అడిగితే 'మేనేజ్‌మెంట్ డెసిషన్ సార్' అన్నారు. పాపం ఆ అబ్బాయి మాత్రం ఏం చేస్తాడు.

ఢిల్లీలో ఈ పంచాయితీ సుప్రీంకోర్టు దాకా పోయింది. 2004లో మోడరన్ స్కూల్ కేసులో, డెవలప్‌మెంట్ ఫీజు ట్యూషన్ ఫీజులో 15 శాతం దాటకూడదని, దాన్ని మూలధన వసూలుగా వేరే చూపాలని, పాతబడిన సామాన్లు మార్చడానికి స్కూలు విడిగా తరుగుదల నిధి నడుపుతుంటేనే వసూలు చేయాలని చెప్పారు. అది ఢిల్లీ చట్టం కింద వచ్చిన తీర్పు, మనకు నేరుగా వర్తించదంటారు, ఒప్పుకుంటాను. కానీ లెక్క చూపించమని అడగడానికి కూడా ఢిల్లీ వెళ్లాలా? మా సర్క్యులర్‌లో ఇది ట్యూషన్ ఫీజులో 21 శాతం పైనే. ఇంకో చిన్న సంగతి. పాత పన్ను విధానంలో ఉన్న నాలాంటి ఉద్యోగికి ఆదాయపు పన్నులో మినహాయింపు ట్యూషన్ ఫీజుకే దొరుకుతుంది, డెవలప్‌మెంట్ చార్జీలకు దొరకదు. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు రెంటికీ తేడా పట్టుకోగలుగుతున్నారు, మీ శాఖకే దొరకడం లేదు.

ఇక డిపాజిట్. తిరిగిచ్చే డబ్బే కదా, దీనికెందుకు గొడవ అని మీ వాళ్లు అనొచ్చు. సర్క్యులర్ వెనక పేజీలో సన్న అక్షరాల్లో ఉన్న షరతులు చదవమనండి. వడ్డీ ఉండదు. ఒరిజినల్ రసీదు లేకపోతే ఇవ్వరు. పిల్లల్ని మాన్పించాలంటే డిసెంబర్ 31 లోపే రాతపూర్వకంగా చెప్పాలి, లేదంటే ఒక టర్మ్ ఫీజు కోత పడుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయనకు మార్చిలో విశాఖకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. మార్చిలో వచ్చే ఆర్డర్ గురించి డిసెంబర్‌లో ఎలా చెప్తాడు? బాబు టీసీ కోసం వెళ్తే 15 వేల డిపాజిట్‌కు ఎదురుగా 26 వేల టర్మ్ ఫీజు పెట్టి, 'ఇంకో 11 వేలు మీరే కట్టాలి' అన్నారు. తిరిగి తీసుకుందామని వెళ్లిన మనిషి కట్టి వచ్చాడు. టీసీ వాళ్ల చేతిలో ఉంది మరి.

వడ్డీ లేకపోవడం కూడా చిన్న విషయం కాదు. 25 వేలు 7 శాతానికి బ్యాంకులో వేస్తే, మా పాప పదో తరగతి అయ్యేసరికి 35 వేలవుతుంది. ఆ 10 వేలు ఎవరివి? వెయ్యి మంది పిల్లలనుకుంటే స్కూలు చేతిలో వడ్డీ లేని 2.5 కోట్లు. ఇప్పుడు అడుగుతున్న తేడా ఒక్కటే కోటి రూపాయలు, అదీ ఒక్క జూన్ నెలలో. ఆ సొమ్ము స్కూలు లెక్కల్లో తల్లిదండ్రులకు చెల్లించాల్సిన బాకీగా ఉందా, ఆదాయంలో కలిసిపోయిందా అని ఆడిట్ రిపోర్టు తెప్పించి చూసిన అధికారి ఉంటే దయచేసి చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుంటాను. 2009లో జీఓ 91 ఈ డిపాజిట్‌ను 5 వేలు దాటొద్దంది. ఆ జీఓ కోర్టుకెక్కింది, తర్వాత వచ్చిన జీఓ 42 కూడా కోర్టుకెక్కింది. ఢిల్లీలో కాషన్ మనీ పేరుతో తీసుకునే ఇలాంటి డిపాజిట్ 500 రూపాయలు, పిల్లలు స్కూలు వదిలేటప్పుడు వడ్డీతో సహా ఇవ్వాలని 1999లోనే ఉత్తర్వులిచ్చారు.

మన దగ్గర ఫీజుల నియంత్రణ మీద 2017లో తిరుపతిరావు కమిటీ వేశారు, 2022లో మంత్రుల ఉపసంఘం వేశారు. ప్రభుత్వం మారింది, సర్క్యులర్‌లో అంకెలూ మారాయి. ఫీజుల చట్టం ఎప్పుడు తెస్తారో మీ ఇష్టం, దాని గురించి అడిగి అడిగి నోరు నొప్పెడుతోంది. ఈలోపు చేయగలిగింది అడుగుతున్నాను. జీఓ 1 ప్రకారం ఆ 15 శాతం ఎక్కడ ఖర్చు పెట్టారో చూపించకుండా విడిగా డెవలప్‌మెంట్ చార్జీ వసూలు చేయొద్దని ఒక్క మెమో ఇప్పించండి. పాత పిల్లల దగ్గర డిపాజిట్ తేడా అడగడం ఆపించండి. టీసీని, టర్మ్ ఫీజును ముడిపెట్టొద్దని చెప్పించండి. అర్జీ పెట్టినవాళ్ల పేర్లు స్కూలుకు పంపడం మాత్రం ఈ రోజే ఆపించండి, దానికి చట్టం కూడా అక్కర్లేదు.

మొదటి టర్మ్, డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్ తేడా కలిపి 56 వేలు జూన్ 15 లోపు కట్టాలి, ఆ తర్వాత రోజుకు 100 రూపాయల ఫైన్ అని సర్క్యులర్‌లో ఉంది. అప్పటికి మీ నుంచి ఏ కబురూ రాకపోతే కట్టేస్తాను. కట్టేస్తానని వాళ్లకు తెలుసు, మీకూ తెలుసు. సర్క్యులర్ కాపీ జత చేస్తున్నాను. దయచేసి దీన్ని ఎంఈఓ గారికి పంపకండి.

ఇట్లు,
ఆరో తరగతి చదవబోతున్న ఒక పాప తండ్రి